పాట ఆగేచోటే ఫోటో ఆగాలంటే

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాపు పరకాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌లో లెక్కల సారు. ఈ నెలాఖరుకు రిటైర్ అవుతున్నారు. ఆ సాయంత్రం ఫంక్షన్ హాల్‌లో చూపించడానికి ఫోన్‌లో 62 ఫోటోలతో స్లైడ్‌షో చేస్తున్నాను. ఆయనకు ఇష్టమైన పాట 4 నిమిషాల 37 సెకన్లు ఉంది. ఫోటోకు ఫోటోకు మధ్య ఒక సెకను ట్రాన్సిషన్ పెట్టాను. పాటను 62తో భాగించి ఒక్కో ఫోటోకు నాలుగున్నర సెకన్లు ఇస్తే, ఫోటోలన్నీ 3 నిమిషాల 38 సెకన్లకే అయిపోయాయి. తర్వాత నల్లటి తెర మీద పాట ఒక్కటే నడిచింది. ఆరు సెకన్లు చేస్తే 5 నిమిషాల 11 సెకన్లు వచ్చింది, చివరి ఆరు ఫోటోలు పాట లేకుండా మూగగా పోయాయి. ఆఖరి ఫోటోలో మా నాయనమ్మ బాపు తల మీద చెయ్యి పెట్టి ఉంటుంది. ఆమె పోయినేడే కాలం చేసింది. పాట ఆ ఫోటో మీదే ముగియాలని నా కోరిక. ఉన్నవాటిలో 12 బడి గ్రూప్ ఫోటోలు. ఇప్పుడు మా చిన్నమ్మ ఇంకో 20 పంపింది. అన్న అన్నీ పెట్టాల్సిందే అంటున్నాడు, చాలకపోతే పాట మళ్ళీ మొదటినుంచి వేయమంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా లెక్క ఎక్కడ తప్పుతోంది?

– హనుమకొండ పాఠకురాలు

సమాధానం:

మీ భాగహారం తప్పు కాదమ్మా. పాట 277 సెకన్లు, ఫోటోలు 62. భాగిస్తే నాలుగున్నరకు కొంచెం తక్కువే వస్తుంది. పోయిన నిమిషం భాగహారంలో లేదు, ఫోటోల మధ్య మీరు పెట్టిన ట్రాన్సిషన్లలో ఉంది.

మన ఊళ్లలో గూన పెంకుల ఇళ్లు చూసే ఉంటారు. కప్పు మీద ఒక పెంకు అంచు మీదికి ఇంకో పెంకు ఎక్కుతుంది. అడుగు పొడవున్న పెంకులు పది పేర్చినా పది అడుగుల కప్పు రాదు. ఒకదానిమీద ఒకటి ఎక్కినచోటల్లా కొంత పొడవు తగ్గిపోతుంది. స్లైడ్‌షోలో ట్రాన్సిషన్ కూడా ఇంతే. ఆ ఒక్క సెకనులో పాత ఫోటో మసకబారుతూ ఉంటుంది, కొత్త ఫోటో తేలుతూ ఉంటుంది. రెండూ ఒకే సెకనులో ఉన్నాయి కాబట్టి ఆ సెకను రెండు ఫోటోల ఖాతాలోనూ పడుతుంది. గడియారంలో మాత్రం అది ఒక్కసారే గడుస్తుంది.

62 ఫోటోల మధ్య అతుకులు 61. మీ మొదటి ప్రయత్నంలో 62 ఫోటోలకు నాలుగున్నర చొప్పున 279 సెకన్లు అయ్యాయి. అందులోంచి 61 అతుకులకు 61 సెకన్లు తీసేస్తే 218. అంటే 3 నిమిషాల 38 సెకన్లు. మీ ఫోన్ చూపించింది సరిగ్గా అదే. రెండోసారి 62ను ఆరుతో గుణిస్తే 372, అందులోంచి 61 పోతే 311, అంటే 5 నిమిషాల 11 సెకన్లు. మీరు రెండు నిడివులనూ సెకన్లతో సహా రాయడం ఎంతో మేలు చేసింది. మీ యాప్ ట్రాన్సిషన్‌ను ఫోటోల మీదికి ఎక్కిస్తోందని ఆ రెండు అంకెలతోనే తేలిపోయింది.

అన్ని యాప్‌లూ ఇలా చేయవు. కొన్నింటిలో ట్రాన్సిషన్ ఎంతైనా మొత్తం నిడివి మారదు. మరికొన్ని దాన్ని విడిగా లెక్కగట్టి పైన కలుపుతాయి. రేపు ఫోన్ మార్చినా, ఎవరి లాప్‌టాప్‌లోనో మళ్ళీ చేయాల్సి వచ్చినా ముందు చిన్న పరీక్ష చేయండి. మూడే మూడు ఫోటోలు పది సెకన్ల చొప్పున పెట్టి, మధ్యలో రెండు సెకన్ల ట్రాన్సిషన్ ఇచ్చి మొత్తం ఎంత వచ్చిందో చూడండి. 26 వస్తే పెంకుల లెక్క. 30 వస్తే ట్రాన్సిషన్ నిడివిని మార్చడం లేదు, మామూలు భాగహారం చాలు. 34 వస్తే అది పైన కలుస్తోంది. రెండు నిమిషాల పని ఇది. దీన్ని చేయకుండా 62 ఫోటోలు పేర్చి కూర్చుంటే సగం రాత్రి పోతుంది.

ఇప్పుడు మీ పాటకు లెక్క వెనకనుంచి చేద్దాం. పాటలోంచి ముందు ఒక ట్రాన్సిషన్ తీసేయండి, మిగిలినదాన్ని ఫోటోల సంఖ్యతో భాగించండి, వచ్చినదానికి ఆ ట్రాన్సిషన్‌ను మళ్ళీ కలపండి. 277లోంచి 1 పోతే 276. దాన్ని 62తో భాగిస్తే 4.45. ఒకటి కలిపితే 5.45. ఇందులో 4.45 అనేది ఒక ఫోటో మొదలైన క్షణం నుంచి తర్వాతి ఫోటో మొదలయ్యే క్షణం దాకా గడిచే కాలం. దీన్ని నికరం అందాం. 5.45 మీరు యాప్‌లో కొట్టాల్సిన అంకె. మీరు ఫోటోకు పెట్టిన నాలుగున్నర నిజానికి నికరానికి సరిపోయే అంకె. దాని మీద ఒక సెకను కలపకపోవడం ఒక్కటే జరిగిన పొరపాటు.

పాటలోంచి మొదట ఒక సెకను ఎందుకు తీయాలని మీ బాపు అడగవచ్చు, లెక్కల సారు కదా. చివరి ఫోటో తర్వాత ఇంకో ఫోటో లేదు, దాని చివరి సెకను మీదికి ఎక్కేది ఏదీ లేదు. కప్పు చివరి వరుస పెంకు పూర్తిగా బయటికి కనబడినట్టు, ఆ ఒక్క ఫోటో తన మొత్తం నిడివితో లెక్కలోకి వస్తుంది. ఆ సెకనును ముందే పక్కన పెడితే మిగతాది సమానంగా పంచుకోవచ్చు.

అయితే 5.45 కొట్టనిచ్చే ఫోన్ యాప్‌లు తక్కువ. చాలావాటిలో పదో వంతుల్లోనే కదులుతుంది. 5.4 గానీ 5.5 గానీ పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు. ఒక ఫోటోలో సెకనులో ఇరవయ్యో వంతు తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఆ చిన్న తేడా 62 సార్లు పడుతుంది. అన్నింటికీ 5.5 పెడితే పాట అయ్యాక మూడు సెకన్లు ఫోటో మిగులుతుంది. అన్నింటికీ 5.4 పెడితే పాట ఇంకా మూడు సెకన్లు ఉండగానే తెర నల్లబడుతుంది. మూడు సెకన్ల నల్లటి తెర మీ ఫోన్‌లో చిన్నగానే ఉంటుంది. హాల్లో రెండు వందల మంది ముందు మాత్రం కరెంటు పోయినట్టే ఉంటుంది.

నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. అంకెను కిందికి దించి పెట్టి, మిగిలిందంతా చివరి ఫోటోకు ఇస్తాను. మీ విషయంలో 61 ఫోటోలకు 5.4 పెట్టి, చివరిదానికి 8.6 ఇవ్వాలి. సరిచూద్దాం. 61 ఫోటోలు ఒక్కోటి నికరంగా 4.4 సెకన్లు నడిస్తే 268.4. దానికి 8.6 కలిపితే 277. అంకె దించడం వల్ల మిగిలిన మూడు సెకన్లూ ఎటూ పోకుండా నాయనమ్మ ఫోటోకే చేరాయి. ఇంకో మేలు ఏమిటంటే, తర్వాత పాట నిడివిలో అర సెకనో సెకనో తేడా కనబడినా మీరు మార్చాల్సింది ఆ ఒక్క ఫోటోనే, మిగతా 61 ముట్టుకోనక్కర్లేదు.

ఈ సమానపు పంపకం పనిచేస్తుంది. కానీ మీ ఫోటోలకు ఇదే మంచిదని నేను అనుకోవడం లేదు. కారణం ఆ 12 గ్రూప్ ఫోటోలు. బాపు ఒక్కరే కుర్చీలో కూర్చున్న ఫోటోను చూపు ఒక సెకనులో చదివేస్తుంది. మూడు వరుసల్లో నలభై మంది పిల్లలున్న పదో తరగతి బ్యాచ్ ఫోటో వచ్చినప్పుడు హాల్లో ఉన్న పాత విద్యార్థులందరూ తమ ముఖం కోసం వెతుక్కుంటారు. 5.4 సెకన్లలో మొదటి సెకను ఫోటో తేలడానికి పోతుంది, చివరి సెకను మసకబారడానికి పోతుంది. స్పష్టంగా ఉండేది మూడు సెకన్ల పైచిలుకు. తనను తాను కనుక్కునేలోపే ఫోటో మారిపోతే "అరె, పోయింది" అని పక్కవాళ్లతో అనుకుంటూ తర్వాతి రెండు ఫోటోలు కూడా చూడరు.

అందుకే గ్రూప్ ఫోటోలకు రెండేసి సెకన్లు ఎక్కువ ఇద్దాం. 12 ఫోటోలకు 24 సెకన్లు. లెక్క పద్ధతి మారదు. ట్రాన్సిషన్ తీసేశాక ఉన్న 276లోంచి ఆ 24 కూడా పక్కన పెడితే 252. దాన్ని 62తో భాగిస్తే 4.06. ఒకటి కలిపితే 5.06, కిందికి దించితే సరిగ్గా 5. అంటే మామూలు ఫోటోలు 49 ఒక్కోటి 5 సెకన్లు, గ్రూప్ ఫోటోలు 12 ఒక్కోటి 7 సెకన్లు, నాయనమ్మ ఫోటో 9 సెకన్లు. నికరం వేస్తే మామూలువి నాలుగు చొప్పున 196, గ్రూప్‌వి ఆరు చొప్పున 72, కలిపి 268. దానిపైన 9 వేస్తే 277. అన్నీ పూర్ణ సంఖ్యలే కావడం మీ అదృష్టం, ఏ యాప్‌లోనైనా కొట్టొచ్చు. మీ స్థానంలో నేనుంటే ఇదే పెడతాను.

పని చేసే వరుస కూడా చెబుతాను. ముందు అన్ని ఫోటోలకూ ఒకేసారి 5 పెట్టండి, అన్ని అతుకులకూ ఒకేసారి ఒక సెకను ట్రాన్సిషన్ పెట్టండి. ఆ తర్వాతే 12 ఫోటోలను ఒక్కొక్కటిగా 7కు, చివరిదాన్ని 9కి మార్చండి. వరుస తిరగేసి, చేతితో మార్చిన తర్వాత "అన్నింటికీ వర్తించు" నొక్కితే మీ 7లూ 9 కూడా 5 అయిపోతాయి.

ఇక పాట ఆ ఫోటో మీద ముగియడం అన్నారు. దీనికి రెండు అర్థాలున్నాయి, మీరు ఏది కోరుకుంటున్నారో మీరే తేల్చుకోవాలి. పైన చేసిన లెక్కలో ఫోటో, పాట ఒకేసారి ఆగుతాయి. నాయనమ్మ 4 నిమిషాల 28 సెకన్ల దగ్గర తేలడం మొదలవుతుంది. ఆ క్షణంలో గాయకుడు ఒక మాట మధ్యలో ఉండవచ్చు. అలా కాకుండా పల్లవి చివరిసారి ఎత్తుకునే క్షణంలోనే ఆమె ముఖం రావాలనుకుంటే, చివరి ఫోటో ఎప్పుడు మొదలవ్వాలో కూడా మనమే బిగించాలి.

పాట వింటూ ఆ చివరి పల్లవి ఏ సెకనులో ఎత్తుకున్నారో రాసుకోండి. ఉదాహరణకు అది 4 నిమిషాల 22 సెకన్లు అనుకుందాం, అంటే 262. మన లెక్కలో చివరి ఫోటో 268 దగ్గర మొదలవుతోంది. ఆరు సెకన్లు ముందుకు జరగాలి. మామూలు ఫోటోల్లో తేలిగ్గా అర్థమయ్యేవి ఆరు ఎంచుకుని, ఒక్కోదాన్ని 5 నుంచి 4కు దించండి. నాయనమ్మ ఫోటోకు 9 బదులు 15 ఇవ్వండి. ముందువి ఆరు సెకన్లు తగ్గాయి, చివరిది ఆరు పెరిగింది, మొత్తం 277 కదలలేదు. ట్రాన్సిషన్‌కు ఒక సెకను పడుతుంది కాబట్టి, పల్లవి మొదటి మాట మీదే ముఖం పూర్తిగా కనబడాలంటే ఇంకో సెకను ముందే మొదలుపెట్టాలి.

దీనికి ఖర్చు లేకపోలేదు. కదలని ఫోటో తెర మీద 15 సెకన్లు ఉంటే హాల్లో ఎవరో ఒకరు "హ్యాంగ్ అయిందా" అని వెనక్కి తిరిగి చూస్తారు. ఆ ఫోటోకు మెల్లగా దగ్గరికి జరిగే జూమ్ పెట్టండి. బాపు ముఖం నుంచి మొదలై నాయనమ్మ చెయ్యి దగ్గర ఆగేలా ఉంటే బాగుంటుంది. జూమ్ వల్ల నిడివి మారదు. ఫోటో పాతదై, పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా పగిలిపోతుంటే మాత్రం జూమ్ వద్దు, 9 సెకన్ల దగ్గరే ఆగండి.

చిన్నమ్మ పంపిన 20 ఫోటోల సంగతికి వస్తాను. అన్నయ్యతో ఇది ఇష్టాయిష్టాల వాదనగా నడిస్తే తెగదు. ఆయన ముందు ఒక్క అంకె పెట్టండి. ఇప్పుడున్న అమరికలో ఒక కొత్త ఫోటో చేరితే నికరంగా నాలుగు సెకన్లు తింటుంది. ఆ నాలుగు ఎక్కడినుంచో రావాలి. రెండు ఫోటోలు చేరిస్తే ఎనిమిది. మిగతావాటిని కదపకపోతే నాయనమ్మకు మిగిలేది ఒకే ఒక్క సెకను. ఆ సెకను కూడా ట్రాన్సిషన్‌కే పోతుంది, అంటే ఆమె ముఖం పూర్తిగా తేలకముందే పాట అయిపోతుంది. ఈ మాట విన్నాక ఆయన కూడా మీ వైపునుంచి ఆలోచిస్తారని నా నమ్మకం.

ఇరవై మొత్తం చేర్చి అందరికీ సమంగా కోత వేస్తే ఏమవుతుంది? గ్రూప్ ఫోటోల రెండు సెకన్లు అలాగే ఉంచితే మామూలు ఫోటోకు నాలుగు సెకన్లు వస్తుంది. తేలడానికి ఒకటి, మసకబారడానికి ఒకటి పోతే స్పష్టంగా నిలిచేది రెండు సెకన్లు. చూడలేమని కాదు. కానీ నాలుగున్నర నిమిషాలసేపు మూడు సెకన్లకో ఫోటో మారుతుంటే, పాట నెమ్మదిదైతే మరీ, చిత్రం పాటను తరుముతున్నట్టుంటుంది. ట్రాన్సిషన్‌ను అర సెకనుకు తగ్గిస్తే స్పష్టమైన కాలం రెండున్నరకు పెరుగుతుంది. కొంత ఊరట, అంతే.

అన్నయ్య చెప్పినట్టు పాట మళ్ళీ మొదలుపెట్టే దారి నాకు నచ్చలేదు, కారణం కూడా లెక్కలోనే ఉంది. 82 ఫోటోలకు మామూలువాటికి 5, గ్రూప్‌వాటికి 7 చొప్పున ఇస్తే దాదాపు ఆరు నిమిషాలు వస్తుంది. పాట రెండోసారి మొదలై డెబ్భై ఆరు సెకన్లు నడిచి, ఎక్కడో మాట మధ్యలో తెగుతుంది. తెగకూడదంటే రెండుసార్లు పూర్తిగా నడపాలి, అంటే తొమ్మిది నిమిషాలు దాటుతుంది. భోజనాల వేళకు తొమ్మిది నిమిషాల స్లైడ్‌షో పెట్టిన ఫంక్షన్లు నేను చూశాను. ఆరో నిమిషానికి కుర్చీలు ఖాళీ అవుతాయి. నాయనమ్మ ఫోటో వచ్చేసరికి ముందు వరుసలో మీ ఇంటివాళ్లే మిగులుతారు.

నాకు సరైనవిగా తోచే దారులు రెండు. మొదటిది మార్పిడి. ఒకటి పెట్టాలంటే ఒకటి తీయాలి. రెండూ 5 సెకన్లవే కాబట్టి లెక్క ఏమీ మారదు, పాత ఫోటో స్థానంలో కొత్తది పెట్టడమే. ఏవి లోపలికి రావాలో చిన్నమ్మనే ఓ ఐదు ఎంచమనండి, ఏవి బయటికి పోవాలో అన్నయ్యను ఎంచమనండి. ఒకే పెళ్లిలో ఒకే చోట తీసినవి, రామప్ప గుడి టూర్‌లో ఒకేలా నిలబడి తీసినవి నాలుగైదు మీ 62లో తప్పక ఉంటాయి. తీయమని చెప్పేవరకూ అవి కంటికి ఆనవు.

రెండోది మిగిలిన ఫోటోలన్నింటితో పాట లేని వేరే స్లైడ్‌షో చేసి, అతిథులు వచ్చి కూర్చునే అరగంటసేపు తెర మీద తిరుగుతూ ఉండేలా పెట్టడం. దానికి ఏ పాటతోనూ పని లేదు, ఒక్కోటి ఎనిమిది సెకన్లు పెట్టినా తొందర లేదు, ఎవరు ఎన్ని పంపినా చేర్చుకోవచ్చు. చిన్నమ్మకు తన ఫోటోలు పెద్ద తెర మీద ఒకటికి నాలుగుసార్లు కనబడతాయి. ఆమె నొచ్చుకుంటుందేమో అనుకుంటే, అసలు స్లైడ్‌షోలో కూడా ఆమె ఎంచిన ఐదు ఉన్నాయి కదా. రెండు దారులూ కలిపి వాడొచ్చు.

పాట గురించి ఒక జాగ్రత్త. 4 నిమిషాల 37 సెకన్లు అనేది ఫైల్ నిడివి, పాట వినబడే నిడివి కాకపోవచ్చు. చాలా ఫైళ్లలో చివరి వాద్యం ఆగాక రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. కొన్ని పాటలు ఆగవు, మెల్లగా సన్నగిల్లి మాయమవుతాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని చివరి ఇరవై సెకన్లు మూడుసార్లు వినండి, శబ్దం నిజంగా ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఉదాహరణకు 274 దగ్గర ఆగితే నాయనమ్మ ఫోటోకు 9 బదులు 6 పెడితే రెండూ కలిసి ఆగుతాయి. లేదా 9నే ఉంచి, పాట ఆగాక ఆ ఫోటో మూడు సెకన్లు మౌనంగా నిలిచేలా చేయొచ్చు, ఆ మౌనంలోకి చప్పట్లు వస్తాయి. ఏ రెండింటిలోనైనా మారేది ఆ ఒక్క అంకే. సన్నగిల్లే పాటైతే ఫోటోను కూడా చివరి రెండు సెకన్లలో మెల్లగా చీకట్లోకి పంపండి. అది ఫోటో నిడివిలోపలే జరుగుతుంది, విడిగా కలపనక్కర్లేదు.

ఇంకో విషయం, ప్లేయర్లు చాలావరకు సెకను కింద ఉన్న ముక్కను చూపవు. 277.9 ఉన్నా 4:37 అనే కనబడుతుంది. కొలత ప్లేయర్‌లో కాకుండా, పాటను ఎడిటింగ్ యాప్‌లోకి తెచ్చాక అక్కడి టైమ్‌లైన్ మీద చూసుకోండి. ఒకే పాట ఆల్బమ్‌లో ఒక నిడివి, వీడియోలో ఇంకో నిడివి ఉండడం మామూలే కాబట్టి, ఏ ఫైల్‌ను కొలిచారో ఆ ఫైలే వాడండి.

అన్నీ పేర్చాక మొత్తం 4:37 రాకపోతే కంగారు పడకండి, తేడాయే తప్పు ఎక్కడుందో చెబుతుంది. సరిగ్గా రెండు సెకన్లు ఎక్కువ వచ్చిందనుకోండి, రెండు అతుకుల దగ్గర ట్రాన్సిషన్ పడలేదు, లేదా ఒక మామూలు ఫోటోకు పొరపాటున 7 పడింది. రెండు తక్కువైతే ఒక గ్రూప్ ఫోటోకు 7 పెట్టడం మరిచారు. ఫోటో మార్చినప్పుడు దాని పక్కనున్న ట్రాన్సిషన్ ఎగిరిపోవడం తరచూ జరుగుతుంది, కాబట్టి చిన్నమ్మ ఫోటోలు మార్చాక ఈ తనిఖీ మళ్ళీ చేయండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా రెండు మూడు సెకన్లు పైన ఉంటే టైమ్‌లైన్ చివరికి వెళ్లి చూడండి. కొన్ని యాప్‌లు తమ పేరున్న చిన్న ముక్కను చివర తగిలిస్తాయి. నాయనమ్మ తర్వాత యాప్ గుర్తు రావడం ఎవరికీ ఇష్టముండదు, దాన్ని తొలగించండి.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే రోజుల్లో కాజీపేటలో ఒక షష్టిపూర్తికి ఇలాగే సెకను తేడా లేకుండా కట్టిన స్లైడ్‌షో, హాల్లో ఎనిమిది సెకన్లు జారిపోయింది. లెక్క తప్పు కాదు. ఫోటోలు ఒక లాప్‌టాప్ నుంచి, పాట సౌండ్ సిస్టమ్ అబ్బాయి పెన్‌డ్రైవ్ నుంచి వేశారు, రెండూ ఒకేసారి మొదలవ్వలేదు. ఆ పెద్దాయన భార్య ముఖంలో కనబడిన నిరాశ నాకు ఇంకా గుర్తుంది. అప్పటినుంచి ఎవరికి చెప్పినా ఈ మాట తప్పక చెబుతాను. పాట కలిపిన ఒకే వీడియో ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైల్‌నే వేయండి. శబ్దం ఆ లాప్‌టాప్ నుంచే వైరుతో మిక్సర్‌కు పోవాలి. బ్లూటూత్ స్పీకర్ పెడితే శబ్దం కొంచెం వెనకబడుతుంది. హాల్ వాళ్లకు ఫైల్‌ను వాట్సాప్‌లో పంపాల్సి వస్తే వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే కుదించేసి పాత ఫోటోల్లో ముఖాలు అలుక్కుపోయేలా చేస్తుంది.

ఫంక్షన్‌కు ముందురోజు ఆ ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ను తెరిచి నేరుగా 4:28కి జరపండి. అక్కడ నాయనమ్మ ఫోటో అప్పుడే తేలడం మొదలవ్వాలి, 4:29కి స్పష్టంగా ఉండాలి. చివరి పల్లవి దారి ఎంచుకుంటే మీరు రాసుకున్న ఆ సెకను దగ్గర చూడండి. అది సరిగ్గా ఉంటే వెనకున్న 61 ఫోటోల మొత్తం కూడా సరిపోయినట్టే.